క్యాబ్‌లో వెళ్తూ గాయపడితే పరిహారం ఎవరిస్తారు?

రాత్రి పదిన్నర. సైబర్ టవర్స్ దగ్గర ఆఫీసు ముగించుకున్న ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగిని యాప్‌లో క్యాబ్ బుక్ చేసుకుని కూకట్‌పల్లి బయల్దేరింది. జేఎన్‌టీయూ వైపు వెళ్లే దారిలో పార్కింగ్ లైట్లు లేకుండా రోడ్డు వారన ఆగి ఉన్న లారీని క్యాబ్ వెనకనుంచి గుద్దింది. డ్రైవరు వేగంగా ఉన్నాడు, లారీ చీకట్లో కలిసిపోయి ఉంది. వెనక సీట్లో కూర్చున్న ఆమె ఎడమ తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. నాలుగు నెలలు ఉద్యోగానికి వెళ్లలేదు. ఆస్పత్రి బిల్లు మూడున్నర లక్షలు.

ఇది ఊహించి చెబుతున్న సంఘటన. కానీ హైదరాబాదులో గానీ విజయవాడ, విశాఖల్లో గానీ క్యాబ్ ఎక్కే ఎవరికైనా జరగగలిగినదే. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు ముందుగా పట్టుకునేది డ్రైవరును. అతను తన కారు వాయిదాలే కట్టలేకపోతున్నానంటాడు. తర్వాత యాప్ కంపెనీకి ఫిర్యాదు పెడతారు. విచారం వ్యక్తం చేస్తూ ఒక సందేశం వస్తుంది. ప్రయాణికులనూ డ్రైవర్లనూ కలిపే సాంకేతిక వేదికను మాత్రమే తాము నడుపుతున్నామని, రవాణా సేవ డ్రైవరుదేనని నియమ నిబంధనల్లో రాసి ఉంటుంది. బుక్ చేసిన ప్రతిసారీ మనం ఒప్పుకున్నది ఆ నిబంధనలనే. దాంతో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డ్రైవరు దగ్గర లేదు, కంపెనీ ఇవ్వదు, మన ఖర్మ అనుకుంటారు.

నిజానికి ఆమెకు రావలసిన డబ్బు ఈ ఇద్దరి దగ్గరా లేదు. అది ఆ కారుకు బీమా చేసిన కంపెనీ దగ్గర ఉంది. ఈ ఒక్క విషయం తెలియక వదులుకున్న పరిహారాలు లెక్కలేనన్ని. బీమా ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేతులెత్తేస్తుంది అన్నది తెలిస్తే యాప్ కంపెనీ బాధ్యత అనే ప్రశ్న ఎక్కడ నిజంగా అవసరపడుతుందో కూడా తెలుస్తుంది.

చట్టం ఈ ప్రమాదాన్ని మూడు మెట్లుగా చూస్తుంది. మొదట తప్పు చేసినవాడు, అంటే నిర్లక్ష్యంగా నడిపిన డ్రైవరు. అతని వెనక ఆ వాహనం ఎవరి పేరున రిజిస్టరై ఉందో ఆ యజమాని. క్యాబుల్లో చాలాసార్లు ఇద్దరూ ఒకరే, కొన్నిసార్లు కారు ఒకరిది, నడిపేది జీతానికో రోజు కిరాయికో మరొకరు. యజమాని వెనక బీమా కంపెనీ. మోటారు వాహనాల చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనానికి తీసుకునే తప్పనిసరి బీమాలో అందులోని ప్రయాణికుడి మరణం, గాయం కూడా ఉండి తీరాలి. యజమాని వేరే ప్రీమియం కట్టలేదనో, చవకైన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే తీసుకున్నాడనో కంపెనీ తప్పించుకోవడానికి లేదు. ట్రిబ్యునల్ తేల్చే పరిహారానికి ఇంత దాటకూడదన్న పరిమితి కూడా ప్రయాణికుడి విషయంలో లేదు.

అందుకే పసుపు నంబరు ప్లేటు అంత ముఖ్యం. పసుపు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిప్పడానికి రిజిస్టరైన వాహనం. విద్యుత్తు వాహనాల్లో అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెలుపు మీద నలుపు, లేదా ఆకుపచ్చ మీద తెలుపు కనిపిస్తే అది సొంతానికి వాడుకునే బండి. ఈ తేడా ఏం చేస్తుందో కాసేపట్లో చూద్దాం.

మన ఉదాహరణలో లారీ కూడా ఉంది. తప్పు క్యాబ్‌దా లారీదా అని ఆ రెండు వాహనాల బీమా కంపెనీలూ ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు. ఆ వాదన ముగిసేదాకా ఆమె ఎదురుచూడాలా? అక్కర్లేదు. ఖేన్యేయ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. ఇద్దరి నిర్లక్ష్యం కలిసి మూడో మనిషికి గాయమైతే, ఆ మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరనుంచైనా వసూలు చేసుకోవచ్చు. వాటాలు వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. ప్రయాణికురాలి చేతిలో స్టీరింగ్ లేదు కాబట్టి, ప్రమాదానికి ఆమెనూ కారకురాలిగా చూపించి పరిహారంలో కోత పెట్టడం దాదాపు కుదరదు. కాబట్టి క్లెయిమ్ పిటిషన్‌లో రెండు వాహనాల యజమానుల్నీ రెండు బీమా కంపెనీల్నీ చేర్చడం మంచిది. ఒక్క క్యాబ్ మీదే వేసి, తీరా విచారణలో తప్పంతా లారీదేనని తేలితే చేతిలో ఏమీ మిగలదు.

ఎంత వస్తుంది? ఆమె కాంట్రాక్టు ఉద్యోగి, నెలకు ముప్పై వేల జీతం. కాలికి 30 శాతం వైకల్యం ఉందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చిందనుకుందాం. ట్రిబ్యునల్ ఆ 30 శాతాన్ని ఉన్నదున్నట్టు తీసుకోదు. ఆ వైకల్యం వల్ల ఈ మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గిందని అడుగుతుంది. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఇది. కుర్చీలో కూర్చుని పనిచేసే ఆమెకు అది 15 శాతమని తేల్చిందనుకుందాం. అదే కాలు విరిగినది మెట్లెక్కి దిగే డెలివరీ కుర్రాడికో తాపీ మేస్త్రికో అయితే ఆ శాతం చాలా ఎక్కువవుతుంది.

ఏడాది జీతం 3,60,000. ఇలాంటి స్థిర జీతం ఉద్యోగులకు, వయసు నలభై లోపు అయితే, మున్ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని ప్రణయ్ సేఠీ కేసులో 2017లో రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది. కలిపితే 5,04,000. ఇరవై ఆరు నుంచి ముప్పై ఏళ్ల మధ్యవారికి సరళా వర్మ తీర్పు ఇచ్చిన గుణకం 17. రెండూ హెచ్చవేస్తే 85,68,000. అందులో 15 శాతం 12,85,200. దీనికి ఆస్పత్రి ఖర్చు 3,50,000, నాలుగు నెలల జీతం 1,20,000 కలిపితే 17,55,200. నొప్పికీ బాధకూ, రానుపోను ఖర్చులకూ, తోడుగా ఉన్నవారి శ్రమకూ ట్రిబ్యునల్ విడిగా ఇస్తుంది. పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా. ఈ లెక్కలో వైకల్య శాతం ఒక్కటి మారినా మొత్తం లక్షల్లో మారిపోతుంది. అందుకే కేసు నిలబడేది డాక్టరు సాక్ష్యం మీద. సర్టిఫికెట్ కాగితం దాఖలు చేసి ఊరుకోకుండా, ఆ డాక్టరును ట్రిబ్యునల్ ముందుకు రప్పించి చెప్పించుకోవాలి.

ఆ మొత్తాన్ని గుర్తుపెట్టుకుంటే మరో ప్రమాదం అర్థమవుతుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు ఇచ్చే ఏర్పాటు 164వ సెక్షన్‌లో ఉంది. తప్పు నిరూపించలేని కేసుల్లో ఇది పెద్ద ఆసరా. కానీ బీమా కంపెనీతో రాజీ పద్ధతిలో ఈ సొమ్ము ఒప్పుకుని తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో ఉన్న అసలు క్లెయిమ్ పిటిషన్ అంతటితో రద్దవుతుందని 2019 సవరణ చెబుతోంది. ఆస్పత్రి బిల్లుల ఒత్తిడిలో ఉన్న కుటుంబానికి రెండున్నర లక్షలు వెంటనే వస్తాయంటే సంతకం పెట్టడం సహజం. పదిహేడు లక్షల కేసు అక్కడితో పోతుంది. ఈ ఒక్క సంతకం మాత్రం లాయరుకు చూపించకుండా పెట్టొద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇక యాప్ కంపెనీ దగ్గరికి వద్దాం. 2019 వరకు మోటారు వాహనాల చట్టానికి ఈ కంపెనీలంటే ఏమిటో తెలియదు. ఆ ఏడాది సవరణలో 'అగ్రిగేటర్' అనే నిర్వచనం చేరింది. రవాణా కోసం ప్రయాణికుడినీ డ్రైవరునూ కలిపే డిజిటల్ మధ్యవర్తి లేదా మార్కెట్ వేదిక అని దాని సారాంశం. 93వ సెక్షన్ కింద లైసెన్సు తీసుకోవాలన్నారు. 2020లోనూ మళ్లీ 2025 జులైలోనూ కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని తమ నియమాలుగా మార్చుకోవలసింది రాష్ట్రాలు. డ్రైవరుకు లైసెన్సు ఉందా, బండికి పర్మిట్, ఫిట్‌నెస్, బీమా ఉన్నాయా అన్నది చూసుకోవలసిన పని ఈ మార్గదర్శకాల్లో కంపెనీల మీద పడింది. కానీ ప్రయాణికుడు గాయపడితే పరిహారం అగ్రిగేటరే చెల్లించాలని చట్టం ఎక్కడా సూటిగా రాయలేదు. 'మధ్యవర్తి' అన్న మాట కంపెనీలకు కోర్టులో డాలులా ఉపయోగపడుతోంది.

ఇదే కంపెనీలను పన్ను చట్టం మరోలా చూస్తుంది. జీఎస్టీ చట్టం 9(5) సెక్షన్ కింద, యాప్ ద్వారా జరిగే టాక్సీ ప్రయాణాల మీద పన్ను కట్టవలసింది వేదికే. సేవ అందించింది ఆ కంపెనీయే అన్నట్టుగా భావించి వసూలు చేస్తారు. పన్ను కట్టించుకునేటప్పుడు సేవాదాత అయిన కంపెనీ, కాలు విరిగినప్పుడు ఒట్టి మధ్యవర్తి కావడం న్యాయంగా లేదని నా అభిప్రాయం.

కోర్టుల్లో ఈ డాలును దాటే దారి ఒకటుంది. యాప్‌లు పుట్టక ముందే వచ్చిన తీర్పులో అది దొరుకుతుంది. రాజస్థాన్ ఆర్టీసీ ఒక ప్రైవేటు బస్సును అద్దెకు తీసుకుని తన రూటులో తిప్పింది. డ్రైవరు బస్సు యజమాని మనిషి, కండక్టరు ఆర్టీసీ ఉద్యోగి. ఎక్కడ ఆపాలి, ఎప్పుడు కదలాలి అన్నది కండక్టరు చెప్పినట్టు జరగాలి. ప్రమాదంలో ప్రయాణికులు చనిపోయారు, గాయపడ్డారు. బస్సు మాది కాదు, డ్రైవరు మావాడు కాదు, బాధ్యత యజమానిదేనని ఒప్పందంలో రాసుకున్నాం అని ఆర్టీసీ వాదించింది. 1997లో కైలాశ్‌నాథ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఎవరి పేరుందన్నది ఒక్కటే చూసి సరిపెట్టకూడదని, ఆ ప్రయాణం జరుగుతున్నప్పుడు వాహనం ఎవరి అదుపాజ్ఞల్లో ఉందో వాళ్లు కూడా బాధ్యులేనని చెప్పింది.

యాప్ క్యాబ్‌కు ఈ కొలత వేసి చూడండి. ఛార్జీ ఎంతో నిర్ణయించేది యాప్. ఏ ప్రయాణికుడు ఏ డ్రైవరుకు పోవాలో నిర్ణయించేది యాప్. దారి చూపించేది, రేటింగ్ తగ్గితే ఐడీ ఆపేసేది కూడా యాప్. అప్పటి ఆర్టీసీ కండక్టరు చేసిన పనికన్నా ఇది తక్కువ అదుపేమీ కాదు. కానీ కంపెనీల పక్షాన కూడా గట్టి వాదనే ఉంది. డ్రైవరు ఎప్పుడు లాగిన్ అవ్వాలో అతని ఇష్టం, ఒకేసారి రెండు మూడు యాప్‌లు పెట్టుకోవచ్చు, బండి అతనిది. పైగా, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడిని యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడిగానే నిర్వచించింది. డ్రైవరుకు కొంత మేలు చేయడానికి రాసిన ఆ మాటే ప్రయాణికుడి కేసులో కంపెనీకి అనుకూలంగా వాడుకోవడానికి వీలిస్తోంది.

కాబట్టి ఆచరణలో చూస్తే, కారుకు పర్మిట్, బీమా అన్నీ సక్రమంగా ఉన్నప్పుడు కంపెనీతో ఈ పోట్లాట పెట్టుకోనక్కర్లేదు. బీమా కంపెనీ కడుతుంది. ఆ బీమా తెగిపోయిన చోట, యజమాని చేతిలో ఏమీ లేనప్పుడు, యాప్ కంపెనీ బాధ్యత ఒక్కటే బాధితుడికి మిగిలే ఆధారం. అందువల్ల బీమా విషయంలో చిన్న అనుమానం ఉన్నా, పిటిషన్‌లో యాప్ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చమని లాయరును అడగాలి. లైసెన్సు లేని మనిషిని, బీమా అయిపోయిన బండిని తన వేదిక మీదికి ఎందుకు రానిచ్చారన్నది డ్రైవరు తప్పుతో సంబంధం లేకుండా కంపెనీ సొంత నిర్లక్ష్యం కిందికి వస్తుంది. అదుపు ఎవరిదన్న వాదనకంటే దీన్ని నిరూపించడం తేలిక.

బీమా ఎప్పుడు తెగుతుంది? డ్రైవరు లైసెన్సు గురించిన పాత గొడవ ఒకటి ఇప్పుడు తీరిపోయింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాడు టాక్సీ నడిపితే, రవాణా ఎండార్స్‌మెంట్ లేదంటూ బీమా కంపెనీలు క్లెయిములు ఎగ్గొట్టేవి. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు ఆ లైసెన్సు చాలునని 2024 నవంబరులో రంభా దేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. అసలు లైసెన్సే లేకపోయినా, పర్మిట్ లేకపోయినా చాలా కేసుల్లో కోర్టులు 'పే అండ్ రికవర్' అంటాయి. బీమా కంపెనీ ముందు బాధితుడికి కట్టాలి, తర్వాత ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకోవాలి. లైసెన్సు విషయంలో 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు, పర్మిట్ విషయంలో 2018 నాటి అమృత్‌పాల్ సింగ్ తీర్పు దీనికి ఆధారాలు. పాలసీ గడువే ముగిసిపోయి ఉంటే మాత్రం కట్టమని ఆజ్ఞాపించడానికి బీమా కంపెనీయే లేదు.

ఇప్పుడు ఆమెను క్యాబ్‌లోంచి దించి బైక్ టాక్సీ ఎక్కిద్దాం. అదే రాత్రి, అదే దారి, అదే గాయం. బండి డ్రైవరు సొంతానికి కొనుక్కున్నది, తెల్ల నంబరు ప్లేటు. మన నగరాల్లో యాప్ బైకులు ఎక్కువగా ఇలాంటివే. సొంత బైకుకు చాలామంది ఉంచుకునేది చవకైన థర్డ్ పార్టీ పాలసీ. ఆ పాలసీ రోడ్డు మీద నడిచే మనిషికి, ఎదురు బండివాడికి వర్తిస్తుంది. వెనక సీటు మీద కూర్చున్నవాడికి వర్తించదు. తిలక్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ మాట అన్నది ఉచితంగా ఎక్కించుకున్న మనిషి గురించి. సొంత వాహనం పాలసీ కింద డబ్బిచ్చి ఎక్కినవాడి పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉండదు.

బైకుకు పూర్తి ప్యాకేజీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాడికి కూడా రక్షణ ఉంటుందని 2012లో బాలకృష్ణన్ కేసులో చెప్పారు. కానీ అక్కడ మరో అడ్డు వస్తుంది. సొంత వాహనం పాలసీలో దాన్ని కిరాయికి తిప్పకూడదన్న షరతు ఉంటుంది. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే ఆ షరతు ఎత్తిచూపి కాదనే హక్కును 150వ సెక్షన్ బీమా కంపెనీకి ఇచ్చింది. యాప్ రైడ్ అంటేనే కిరాయి. ఫోన్లో ఉన్న రసీదే బీమా కంపెనీకి సాక్ష్యమవుతుంది. ముందు కట్టించి తర్వాత రాబట్టుకోమనే ఉత్తర్వు రావచ్చు, రాకపోవచ్చు. అది ఆ కేసు చూసే కోర్టు మీద ఆధారపడిన సంగతి. యజమాని పేరున పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందని చూసి కొందరు ధైర్యపడతారు. అది బండి నడిపే యజమానికి మాత్రమే. వెనక కూర్చున్న మనిషికి అందులోంచి రూపాయి రాదు.

అంటే క్యాబ్‌లో పదిహేడు లక్షల చిల్లర అయిన గాయం, బైకు మీద ఆ కుర్రాడు జీవితాంతం కట్టలేని డిక్రీ కాగితంగా మిగలవచ్చు. సొంత బైకులను యాప్‌ల ద్వారా ప్రయాణికులకు వాడటానికి రాష్ట్రాలు అనుమతించవచ్చని 2025 మార్గదర్శకాలు దారి తెరిచాయి. ఉపాధి దృష్టితో చూస్తే మంచిదే. అనుమతి ఇచ్చే ఏ ప్రభుత్వమైనా వెనక సీటు మనిషికి తప్పనిసరి బీమాను, కిరాయి వాడకానికి చెల్లే పాలసీని షరతుగా పెట్టి తీరాలి. అనుమతి ముందు, బీమా తర్వాత అన్నది మనుషుల కాళ్లతో చెలగాటం.

ఈ ఖాళీని కాలిఫోర్నియా ఎలా పూడ్చిందో మన పిల్లలు చాలామంది అక్కడ ఉన్నారు కాబట్టి చెప్పుకోవాలి. 2013 డిసెంబరు 31 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో యాప్ ఆన్ చేసుకుని రైడ్ కోసం చూస్తున్న డ్రైవరు కారు తగిలి ఆరేళ్ల పాప చనిపోయింది. ప్రయాణికుడు లేడు కాబట్టి మాకు సంబంధం లేదని కంపెనీ అంది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది. డ్రైవరు రైడ్ ఒప్పుకున్న క్షణం నుంచి ప్రయాణికుడు దిగేదాకా పది లక్షల డాలర్ల బాధ్యతా బీమా ఉండాలి. యాప్ ఆన్‌లో ఉండి రైడ్ కోసం చూస్తున్న సమయానికి వేరే, తక్కువ మొత్తం. డ్రైవరు ఉద్యోగా కాదా అన్న తగవు తేలే దాకా ఆగకుండా, ఏ నిమిషానికి ఎంత బీమా అన్నది రాసిపెట్టారు. మన 2019 సవరణ అగ్రిగేటరుకు పేరు పెట్టింది గానీ ఈ పని చేయలేదు.

యాప్ కంపెనీలు మన దగ్గర కూడా రైడ్‌లో ఉన్నవారికి బృంద ప్రమాద బీమా తీసుకుంటుంటాయి. మరణానికి, వైకల్యానికి, ఆస్పత్రి ఖర్చుకు ముందే నిర్ణయించిన మొత్తాలుంటాయి. తప్పు ఎవరిదని అడగరు. బైకు ప్రయాణికుడికి ఒక్కోసారి ఇదొక్కటే దిక్కు. ప్రమాదం జరిగిన వెంటనే యాప్‌లోని భద్రతా విభాగంలో తెలియజేసి, ఆ పాలసీ వివరాలు రాతపూర్వకంగా అడగాలి. ఈ సొమ్ము తీసుకున్నంత మాత్రాన ట్రిబ్యునల్ క్లెయిమ్ పోదు. అయితే డబ్బుతో పాటు, ఇకపై ఏ క్లెయిమూ చేయబోమన్న కాగితం కూడా ముందుకు జరిపితే దాన్ని చదవకుండా సంతకం చేయొద్దు.

ఈ రక్షణలన్నిటికీ ఆధారం యాప్‌లో ఉన్న రైడ్ రికార్డు. "మేడమ్, ఆన్‌లైన్ పేమెంటయితే కమీషన్ పోతుంది, రైడ్ క్యాన్సిల్ చేసేయండి, నేనే దింపేస్తాను" అని డ్రైవరు అడగడం మనకు మామూలే. పసుపు బోర్డు కారు అయితే అప్పుడు కూడా వాహనం బీమా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ రక్షణ కారును బట్టి ఉంటుంది, యాప్‌ను బట్టి కాదు. కానీ యాప్ కంపెనీ బీమా, దాని మీద వేయగలిగిన కేసు రెండూ క్యాన్సిల్ నొక్కిన క్షణమే పోతాయి. తెల్ల బోర్డు బైకు మీద ఆ పని చేస్తే మిగిలేది బండివాడి మంచితనమే. ఎక్కేముందు యాప్‌లో ఉన్న నంబరు, ప్లేటు మీది నంబరు, ఫొటోలోని ముఖం ఒకటేనా అని చూడటం కూడా ఇందుకే. ఒకరి ఐడీ మీద మరొకరు నడపడం ఉన్నదే. నంబరే తేడాగా ఉంటే, ఏ బండికి బీమా ఉందో ఆ బండి మనం ఎక్కినది కాదు.

ప్రమాదం తర్వాతి మొదటి వారంలోనే చాలా కేసులు గెలవడమో ఓడడమో జరిగిపోతుంది. ఆస్పత్రిలో చేరేటప్పుడు రోడ్డు ప్రమాదమని చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించాలి. బాత్రూములో జారిపడ్డానని రాయిస్తే ఆరోగ్య బీమా తేలిగ్గా వస్తుందని ఎవరో సలహా ఇస్తారు. ఆ ఒక్క వాక్యం తర్వాత ట్రిబ్యునల్‌లో కేసును ముంచేస్తుంది. చికిత్సకు 2025 మే నుంచి కేంద్రం నగదురహిత పథకం అమలు చేస్తోంది. అందులో చేరిన ఆస్పత్రుల్లో బాధితుడికి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు డబ్బు కట్టకుండా వైద్యం అందుతుంది.

తర్వాత స్టేషన్. అక్కడ మొదట వినిపించే మాట రాజీ. డ్రైవరు చేతులు జోడించి, "అక్కా, పిల్లలున్నవాణ్ణి, కేసు పెడితే బండి పోతుంది, ఇరవై వేలు తీసుకోండి" అంటాడు. అతని బాధ నిజమే. కానీ ఎఫ్‌ఐఆర్ లేకపోతే నష్టపోయేది బాధితురాలు, లాభపడేది బీమా కంపెనీ. బీమా సరిగ్గా ఉన్న డ్రైవరు పరిహారంలో రూపాయి కూడా సొంతంగా కట్టనక్కర్లేదని అతనికి చెప్పాలి. ర్యాష్ డ్రైవింగ్ కేసు అతని మీద ఉంటుంది, అది వేరే సంగతి. ఎఫ్‌ఐఆర్ అయ్యాక పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో పూర్తి వివరాల నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నియమాలు చెబుతున్నాయి. ఆ పూర్తి నివేదికనే క్లెయిమ్ పిటిషన్‌గా స్వీకరించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అది వెళ్లిందా లేదా అని స్టేషన్ చుట్టూ తిరిగి అడిగే ఓపిక మాత్రం మనకుండాలి.

సొంతంగా పిటిషన్ వేయడానికి ఆరు నెలల గడువు ఉంది. ఆ గడువు దాటిందన్న కారణంతో క్లెయిములు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తుది తీర్పు ఎలా వచ్చినా ఇబ్బంది లేకుండా ఆరు నెలల్లోనే వేయడం క్షేమం. ప్రమాదం మియాపూర్‌లో జరిగినా, ఆమె సొంతూరు వెళ్లి కోలుకుంటూ ఏలూరులోనో ఖమ్మంలోనో ఉంటే, తాను నివసించే ఆ జిల్లాలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. కర్రతో నడుస్తున్న మనిషిని హైదరాబాదు దాకా రప్పించకూడదని చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది.

లోపభూయిష్టమైన సేవ కింద యాప్ కంపెనీని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లాగే దారి కూడా ఉంది. రెండేళ్ల గడువు, ఉన్నచోటే వేసుకునే వీలు. ప్రమాద పరిహారానికి ట్రిబ్యునలే సరైన చోటు. వినియోగదారుల కమిషన్ కంపెనీ సొంత తప్పులకు బాగా సరిపోతుంది. యాప్‌లో చూపిన బండి కాకుండా మరో బండి రావడం, అత్యవసర బటన్ నొక్కినా స్పందించకపోవడం, ప్రమాదం తర్వాత డ్రైవరు వివరాలు, బీమా వివరాలు ఇవ్వడానికి నిరాకరించడం లాంటివి.

డ్రైవర్లకు కూడా ఒక మాట. పర్మిట్ గడువో లైసెన్సో తప్పిన కేసులో బీమా కంపెనీ పదిహేడు లక్షలు కట్టి, తర్వాత రాబట్టుకోవడానికి వచ్చేది మీ దగ్గరికి, యాప్ కంపెనీ దగ్గరికి కాదు. ట్రిబ్యునల్ సర్టిఫికెట్ మీద ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా వసూలు చేయవచ్చు. మీ బైకు తెల్ల బోర్డుదైతే, మీ బీమా కంపెనీని కిరాయి వాడకానికి ఈ పాలసీ చెల్లుతుందా, వెనక కూర్చున్నవారికి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. చెల్లదని జవాబు వస్తే, ఆ కాగితాన్ని యాప్ కంపెనీకి పంపి, మరి రైడ్‌లో ఉన్న ప్రయాణికుడికి మీరేం బీమా చేశారో పాలసీ నంబరుతో సహా చెప్పమనండి.